జనవరి ముప్పై ఒకటికి ఒక నెల కలిపితే

ఆ ఉదయం గేటు దగ్గర్నుంచి ఫోన్ వచ్చేసరికి నా చుట్టూ జీతాల చీటీల కాగితాలు మోకాలెత్తు పేరుకుని ఉన్నాయి. మార్చి ఒకటో తారీకు. ప్రింటర్ గరగరమని కొట్టుకుంటోంది. అంచులోని రంధ్రాలు ప్రింటర్ చక్రాల పళ్లకు పట్టక కాగితం రెండుసార్లు పక్కకు జారింది. చికాకు మీద ఉన్నాను.

"బేటీ, ఇక్కడ ఒక కార్డు ఉంది. దాని మీద ఇరవై ఎనిమిది ఫిబ్రవరి దాకనే అని రాసుంది. మిషిన్‌ల పెడితే పచ్చలైటు వస్తుంది. ఏం జేయాలె?"

గేటు దగ్గర కాపలా ఉండే చాచా గొంతు అది. సిపాయిగా పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. అందరం చాచా అనేవాళ్లం. రంజాన్ నెల, ఆయన రోజా ఉపవాసంలో ఉన్నాడు. నోట్లో తడి లేక మాట పొడిగా వస్తోంది.

"చాచా, కార్డు మీది తారీకు చూడొద్దని చెప్పిన గదా. లైటు చూడండి. లైటు పచ్చగుంటే పంపించండి."

"తారీకు దాటింది బేటీ."

"మిషిన్ తప్పు చెప్పదు చాచా. కార్డు మీద అచ్చయింది పాత లెక్క. నాకు ఇక్కడ పని ఆగిపోతుంది."

ఫోన్ పెట్టేశాను. అర నిమిషం కూడా పట్టని ఆ సంభాషణ ముప్పై ఏళ్లుగా నాతోనే ఉంది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారం అది. నేను అక్కడ కంప్యూటర్ విభాగంలో చేరి అప్పటికి ఏడాది దాటింది. సంగారెడ్డి నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చి పోయేదాన్ని. తొంభైల మధ్య కాలం. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. కర్మాగారం మొత్తానికి ఏసీ ఉన్నది మా గదిలోనూ, పెద్ద మేనేజరు గదిలోనూ. విభాగంలో ఉన్నది ఇద్దరమే, మా సీనియర్, నేను. ఆయన గుంటూరు వైపు మనిషి, నిదానస్తుడు. కార్డులు అచ్చు వేసే ప్రోగ్రాం ఆయనే ఎప్పుడో ఫాక్స్‌ప్రో అనే కంప్యూటర్ భాషలో రాశారు.

ఆ కార్డుల సంగతి చెప్పాలి. మా దగ్గర సాల్వెంట్ల విభాగం ఒకటుండేది. టోలుయీన్ లాంటి ద్రావకాలు డ్రమ్ముల్లో వస్తాయి. వాసనకే తల తిరుగుతుంది, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటాయి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద వచ్చే కూలీలు. వాళ్లకు గేటు కార్డు ఒక నెలకే ఇచ్చేవాళ్లు. నెల కాగానే కార్డు మార్చుకోవాలి. మార్చుకునే రోజు గంటసేపు క్లాసులో కూర్చోవాలి. డ్రమ్ము ఎలా వంచాలి, నిప్పు పుడితే ఎటు పరుగెత్తాలి, కొత్తగా ఏ జాగ్రత్త చేర్చారు, అన్నీ ఆ క్లాసులో చూపించేవాళ్లు. కార్డుకు నెల గడువు పెట్టిందే అందుకు. నెలకోసారి మనిషిని ఆ క్లాసుకు రప్పించాలి.

అంతకుముందు గేటు దగ్గర చాచా, ఆయన తోటి కాపలాదార్లు కార్డు చేతిలోకి తీసుకుని, కళ్లు చికిలించి తారీకు చదివి పంపేవాళ్లు. పొద్దున షిఫ్టుకు రద్దీ ఎక్కువై, జనవరిలో గేటుకు మిషిన్ పెట్టారు. కార్డు అందులో గీస్తే పచ్చదీపమో ఎర్రదీపమో వెలుగుతుంది. దాని వెనక పనిచేసే ప్రోగ్రాం నేనే రాశాను. సీ భాషలో. నా చేతిమీద పూర్తిగా నేనే రాసిన మొదటి ప్రోగ్రాం అది. మిషిన్ పెట్టిన రోజు కాపలాదార్లందరినీ నిలబెట్టి నేనే చెప్పాను, ఇకమీదట కార్డు చదవక్కర్లేదు, దీపం చూస్తే చాలని. చాచా నవ్వి, "అచ్ఛా, ఇగ నా కండ్లకు సెలవు" అన్నాడు.

మార్చి ఒకటిన ఫోన్ వచ్చింది ఎవరి గురించో నేను అడగలేదు. మర్నాడు తెలిసింది.

మార్చి రెండు, గురువారం. పదకొండు గంటల వేళ సైరన్ మోగింది. నెలకోసారి మోగించి చూసే సైరన్ కాదు, ఆగకుండా మోగేది. అందరం మైదానంలోకి వచ్చాం. సాల్వెంట్ల షెడ్డు వైపు నుంచి నల్లటి పొగ కాసేపు లేచి, నురుగు కొట్టగానే తగ్గిపోయింది. ఇద్దరు మనుషులు ఒకతన్ని చేతుల మీద ఎత్తుకుని పరుగెత్తుకొచ్చారు. అతని కుడిచేయి మోచేతి దాకా, మెడ పక్క కాలిపోయి ఉంది. అతను అరవడం లేదు. "మెల్లగ, మెల్లగ" అని మోస్తున్నవాళ్లకే చెబుతున్నాడు. కంపెనీ వ్యాన్‌లో ఎక్కించి తీసుకుపోయారు.

పక్కనున్న లక్డారం ఊరి మనిషి. ముప్పై ఏళ్లుంటాయేమో. జనవరి ముప్పై ఒకటిన చేరాడు.

ఏం జరిగిందో సాయంత్రానికి తేలింది. డ్రమ్ములోంచి టోలుయీన్ చిన్న పీపాలోకి వంపుతున్నాడు. ద్రావకం ధారగా కారేటప్పుడు రాపిడికి విద్యుత్తు కూడుకుంటుంది, అందులోంచి రవ్వ పుడితే భగ్గుమంటుంది. దాన్ని భూమిలోకి పంపడానికి డ్రమ్ముకీ పీపాకీ తీగ తగిలించాలి. అంతకుముందు ఆ తీగలు వదులుగా ఉండి ఊడిపోయేవి. కొత్తగా కొరికి పట్టుకునే క్లిప్పులు తెప్పించారు. పెయింటు మీద పెడితే అవి పనిచేయవు, పెయింటు గీకి ఇనుము మీద పట్టించాలి. ఆ ముచ్చట ఫిబ్రవరి ఆఖరు రోజు క్లాసులో చూపించారు. అతను ఆ క్లాసులో లేడు. తీగ తగిలించాడు. పెయింటు మీద తగిలించాడు.

అంతకు ముందే, మధ్యాహ్నం, సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు మా గదికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు.

"అతని కార్డు ఇరవై ఎనిమిదితో అయిపోయింది. రెండు రోజులుగా లోపల ఎలా ఉన్నాడు? గేటు వాళ్లు నిద్రపోతున్నారా?"

అప్పుడు నాకు చాచా ఫోన్ గుర్తొచ్చింది.

గేటు దగ్గరి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కార్డు నంబరు కొట్టాను. ఇచ్చిన తేదీ జనవరి ముప్పై ఒకటి. గడువు మార్చి మూడు అని తెర మీద వచ్చింది.

మార్చి మూడు ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. నేను రాసిందే కదా. తేదీలో నెల అంకెకు ఒకటి కలిపాను, అంతే. జనవరి ముప్పై ఒకటికి నెల కలిపితే ఫిబ్రవరి ముప్పై ఒకటి అవుతుంది. అలాంటి రోజు లేదు. భాషతో పాటు వచ్చే తేదీల ఫంక్షన్ ఆ లేని రోజును తీసుకుని, ఫిబ్రవరికి ఇరవై ఎనిమిదే గనుక మిగిలిన మూడు రోజులను మార్చిలోకి పొర్లించింది. తప్పు కూడా చూపించదు. గిన్నె నిండితే పక్క గిన్నెలోకి కారినట్టు అది దాని పని చేసుకుపోయింది.

మా సీనియర్ రాసిన ఫాక్స్‌ప్రోలో నెలలు కలిపే ఫంక్షన్ వేరేలా చేస్తుంది. వచ్చే నెలలో ఆ రోజు లేకపోతే, ఆ నెల ఆఖరు రోజు దగ్గర ఆగిపోతుంది. అందుకే జనవరి ఇరవై ఎనిమిదిన ఇచ్చిన కార్డుకూ, ఇరవై తొమ్మిదికీ, ముప్పైకీ, ముప్పై ఒకటికీ అన్నింటికీ ఫిబ్రవరి ఇరవై ఎనిమిదే అచ్చయింది. నా మిషిన్ మాత్రం ఇరవై తొమ్మిది కార్డును మార్చి ఒకటి దాకా, ముప్పైని రెండు దాకా, ముప్పై ఒకటిని మూడు దాకా లోపలికి పంపుతోంది.

నేను పరీక్షించకుండా పెట్టలేదు. పదో తారీకుతో చూశాను. పదిహేనుతో చూశాను. నా పుట్టినరోజుతో కూడా చూశాను. రెండు ప్రోగ్రాములూ ఒకే తేదీ చెప్పాయి. నెల చివరి మూడు రోజులు తప్ప ఏ రోజుతో చూసినా ఒకటే చెబుతాయి. చూడాల్సిన మూడు రోజులే నేను చూడలేదు.

సీనియర్ నా వెనక నిలబడి తెర చూశారు.

"ముప్పై ఒకటితో చూడమని నేనూ చెప్పలేదు" అన్నారు. ఆయన మంచితనం ఆ రోజు నాకు ఏమీ పనికి రాలేదు.

గేటు దగ్గరికి నడిచాను. చాచా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికే పర్సనల్ ఆఫీసరు ఆయన్ని నలుగురిలో తిట్టి వెళ్లాడని తోటి కాపలాదారు చెప్పాడు.

"చాచా, నిన్న నేను చెప్పిన మాట మీరు సాబ్‌కు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె బేటీ? నేను చూసిన. నా కండ్లకు కనపడ్డది. అయినా పంపిన. నువ్వు ఆడపిల్లవు, కొత్త నౌకరి." ఆయన ఆకాశం వైపు చూశాడు. "ఇయ్యాల నెలవంక కనపడితే రేపు పండుగ. లేకుంటే ఎల్లుండి. నెలకు ఇరవై తొమ్మిదా ముప్పయ్యా అని మేం పైకి చూసి తెలుసుకుంటం. ఇంట్ల పిల్లలు ఎదురుచూస్తుండ్రు. నువ్వు ఇంటికి పో."

మరునాడు పండగ. చాచా రాలేదు. నేను వచ్చాను. పర్సనల్ ఆఫీసరు నన్ను తన గదికి పిలిపించాడు. కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు కూడా అక్కడే ఉన్నాడు.

"ప్రోగ్రాంలో తప్పు ఉందటగా. సరిచేశావా?"

"చేస్తున్నాను సార్."

"చెయ్యి. చేశాక ఒకటి, రెండు తారీకుల గేటు రిపోర్టు మళ్లీ తియ్యి. రేపు ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వస్తాడు. సరైన రిపోర్టు ఆయన ముందు పెడదాం."

ఆయన అడిగింది ఏమిటో నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. గేటు మిషిన్ కార్డు నంబరూ, గీసిన సమయమూ మాత్రమే దాచుకుంటుంది. దీపం పచ్చగా వెలిగిందా, ఎర్రగా వెలిగిందా అన్నది ఎక్కడా ఉండదు. రిపోర్టు తీసేటప్పుడు ప్రోగ్రాం కార్డు ఇచ్చిన తేదీని చూసి మళ్లీ లెక్కకట్టి, పక్కన చెల్లును అనో చెల్లదు అనో అచ్చువేస్తుంది. నేను సరిచేసిన ప్రోగ్రాంతో రిపోర్టు తీస్తే, ఒకటిన, రెండున అతని పేరు పక్కన చెల్లదు అని వస్తుంది. అనుమతి లేకుండా లోపలికి చొరబడిన మనిషి అవుతాడు. కాలింది కంపెనీ పనిలో కాదని అవుతుంది, వైద్యం బాధ్యత కంపెనీ మీద పడదు. అందులో ఒక్క అబద్ధపు అక్షరం కూడా ఉండదు. ప్రోగ్రాం సరైనదే, తేదీ సరైనదే.

"సార్, రిపోర్టు ఇప్పుడున్న ప్రోగ్రాంతోనే తీయాలి. ఆ రోజు గేటు నడిచింది దాంతోనే."

"తప్పుల తడక ప్రోగ్రాంతోనా? నీ తప్పు నువ్వే అధికారికి చూపిస్తానంటావా?"

సూపర్‌వైజరు కల్పించుకున్నాడు. "సార్, నేను వానికి చెప్పిన. నెలంటే ముప్పై రోజులు. జనవరి ముప్పై ఒకటి నుంచి ముప్పై రోజులు లెక్కబెడితే మార్చి రెండు. ఇరవై ఎనిమిదినాడు జాతరకు పోయి రాలేదు. రెండు దాక నడుస్తది, మూడునాడు మార్పిచ్చుకో అన్న. గంతే."

శివరాత్రికి అతను ఇంటివాళ్లతో ఏడుపాయల జాతరకు వెళ్లాడు. క్లాసు జరిగిన రోజు అక్కడే ఉన్నాడు. ఆ సంగతి అప్పుడే నాకు తెలిసింది. ఏ రోజు మార్చుకోవాలో అతనికి ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. కార్డు ఇరవై ఎనిమిది అంది. సూపర్‌వైజరు రెండు అన్నాడు. నా దీపం మూడు అంది. ముగ్గురం అన్నది ఒక నెలే.

ఆ రోజు నేను ప్రోగ్రాం సరిచేయలేదు. పాతదానితో రిపోర్టు అచ్చు తీసి, సంతకం పెట్టి, సీనియర్ బల్ల మీద పెట్టాను. ఆ తరవాతే సరిచేశాను. ధైర్యం చేశానని ఎవరైనా అంటే నాకు నచ్చదు. ఆ మనిషిని లోపలికి పంపింది నేను. మళ్లీ నా చేత్తోనే అతన్ని దొంగను చేయడానికి చేయి రాలేదు, అంతే.

తనిఖీ అధికారి సంగారెడ్డి నుంచి వచ్చాడు. లావుపాటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మీటింగు గదిలో మా అందరినీ కూర్చోబెట్టాడు. చాచా గోడవారగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కార్డు ఎప్పటిదాకా చెల్లుతుంది?" అని అడిగాడు.

పర్సనల్ ఆఫీసరు ఇరవై ఎనిమిది అన్నాడు. సూపర్‌వైజరు రెండు అన్నాడు. నేను మిషిన్ ప్రకారం మూడు అని, ఎందుకో చెప్పాను. ఫిబ్రవరి ముప్పై ఒకటి అన్నప్పుడు ఆయన కనుబొమ్మలు లేచాయి.

"అట్లాంటి రోజు ఉందా?"

"లేదు సార్. లేకపోతే ఏం చేయాలన్నది ప్రోగ్రాం రాసేవాళ్లు చెప్పాలి. నేను చెప్పలేదు. అది దానికి తోచింది చేసింది."

"అతను లోపలికి ఎట్ల వచ్చిండు? గోడ దూకిండా?"

"లేదు సార్. గేటు తెరుచుకుంది."

"కాపలావాళ్లు కార్డు చూడలేదా?"

చాచా గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు.

"చూశారు సార్" అన్నాను. "ఒకటో తారీకున నాకు ఫోన్ చేసి అడిగారు. తారీకు దాటిందని చెప్పారు. లైటు చూసి పంపమని నేనే చెప్పాను."

చాచా తలవంచుకున్నాడు. పర్సనల్ ఆఫీసరు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కంటే అందులో ఆశ్చర్యం ఎక్కువ.

అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "మీ లెక్కలు మీరు తేల్చుకోండి. గేటు మీది, మిషిన్ మీది, పని మీది. మీరు రానిచ్చిండ్రు, పని చెప్పిండ్రు. వాడు మీ పనిమనిషే. కార్డు తారీకు మీద మీరు తప్పించుకోలేరు."

అలా అతనికి వైద్యం అందింది. బీమా ఆసుపత్రిలో చేర్చారు. తొడమీది చర్మం తీసి చేతికి వేశారు. నన్ను ఉద్యోగం నుంచి తీయలేదు. ఒక మెమో ఇచ్చారు. చాచా మీద ఏ చర్యా తీసుకోలేదు. కార్డు గడువు లెక్కకట్టే పని ఇకనుంచి ఒకే చోట జరగాలని, అచ్చయిన తేదీనే గేటు చదవాలని సీనియర్ నిర్ణయించారు. పని సులువుగా అయిపోయింది. సగం రోజు కూడా పట్టలేదు.

మనసులో మాత్రం రెండు విషయాలు ఒకదాన్నొకటి తన్నుకునేవి. నా తప్పు వల్లే అతను కాలిపోయాడు. నా తప్పు వల్లే అతని వైద్యానికి కంపెనీ బాధ్యత పడింది. నా ప్రోగ్రాం సరిగ్గా ఉంటే ఒకటో తారీకున ఎర్రదీపం వెలిగేది, కార్డు మార్చుకోవడానికి పోయేవాడు, క్లిప్పు ఎలా పట్టించాలో చూసేవాడు. రెండో వాక్యంతో మొదటి వాక్యాన్ని తుడిచేసుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే పని. కుదరలేదు.

ఏప్రిల్‌లో అతను ఇంటికి వచ్చాడని తెలిసి ఒక ఆదివారం లక్డారం వెళ్లాను. బత్తాయిలు తీసుకుపోయాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు లేదు. వేళ్లు లోపలికి ముడుచుకుని, చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. మెడ పూర్తిగా తిప్పలేకపోతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"మీరేనా మేడం ఆ మిషిన్ అమ్మ? కూసోండ్రి. సూపర్‌వైజరు చెప్పిండు. మీరు సాబు ముంగట నిజం చెప్పకుంటే నన్ను బయటి మనిషిని చేస్తుండె అంట. మీ పుణ్యం."

ఆ మాటకంటే తిట్టినా బాగుండేదనిపించింది. "పుణ్యం కాదన్నా. తప్పే నాది. నువ్వు ఆ రోజు లోపలికి రాకూడదు. మిషిన్ తప్పు చెప్పింది, అది రాసింది నేను" అన్నాను.

అతను నవ్వాడు. "మిషిన్‌కు ఏం తెలుస్తది మేడం."

అతని భార్య లోపలి నుంచి మంచినీళ్ల చెంబు తెచ్చింది. ఇచ్చి అక్కడే నిలబడింది. ఆమె నవ్వలేదు.

"అమాస తెల్లారి కొలువుకు పోయిండు. మల్లా అమాస తెల్లారే కాలిండు" అంది. "మా లెక్కల గూడ నెల నిండింది. కార్డు మీద గూడ నిండింది. నీ మిషిన్‌ల ఒక్కదాంట్లనే నిండలే."

"ఊకో" అన్నాడు అతను.

"ఎందుకు ఊకోవాలె? ఎర్రలైటు పెడితే ఏమైతుండె? ఆ పొద్దు ఇంటికి వస్తుండె. తిట్టుకుంట వస్తుండె. గంతే గదా." ఆమె గొంతు పెంచలేదు. నా వైపు కాక అతని చేతివైపు చూస్తూ అంది. "ఇప్పుడు అన్నం బుక్క నేను పెడుతున్న."

క్షమించమన్నాను. ఆమె తల ఊపలేదు, కాదనలేదు. ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది. బత్తాయిల సంచి మంచం కోడు పక్కన అలాగే ఉంది. నేను లేచినప్పుడు అతను ఎడమచేత్తో సగం దండం పెట్టాడు.

ఆ తరవాత ఏడాదిన్నర ఆ కర్మాగారంలోనే పనిచేశాను. అతనికి కంపెనీ తోటలో నీళ్లు పెట్టే పని ఇచ్చారు. డ్రమ్ములు ఎత్తలేడు. నేను మధ్యాహ్నం భోజనానికి పోయేటప్పుడు కనిపించేవాడు. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో మూతి పట్టుకుని చెట్లకు పట్టేవాడు. చూసి పలకరించేవాడు. నేను తోవ మార్చుకుని గోదాముల వెనక నుంచి పోవడం మొదలుపెట్టాను. అది కూడా సిగ్గే. పలకరింపుకు జవాబు చెప్పే పాటి ధైర్యం లేకపోయింది.

రెండువేల సంవత్సరం తరవాత హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. అక్కడ పెద్ద డేటాబేసుల పని. దాంట్లో నెలలు కలిపే పద్ధతి మళ్లీ వేరు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది నెల ఆఖరు రోజు గనుక, దానికి నెల కలిపితే మార్చి ఇరవై ఎనిమిది కాదు, మార్చి ముప్పై ఒకటి ఇస్తుంది. నెల ఆఖరుకు నెల ఆఖరే జవాబు అని దాని వాదం. ఫాక్స్‌ప్రోలో అయితే ఇరవై ఎనిమిదే. జనవరి ముప్పై ఒకటి నుంచి ఒక్కో నెలా కలుపుకుంటూ పోతే అది ఫిబ్రవరిలో ఇరవై ఎనిమిదికి దిగి, ఇక మళ్లీ ముప్పై ఒకటికి ఎక్కదు. ఒకేసారి రెండు నెలలు కలిపితే మాత్రం మార్చి ముప్పై ఒకటి వస్తుంది. ఇవేవీ తప్పులు కావు. ఒక్కొక్కటీ ఒక ఒప్పందం. నెల అనేది కిలోలా, మీటరులా నిలకడైన కొలత కాదు. కనుక ఎవరో ఒకరు ముందే కూర్చుని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ నిర్ణయం ప్రోగ్రాం చేస్తుంది, దాని ఫలితం గేటు దగ్గర నిలబడ్డ మనిషికి తగులుతుంది.

మీటింగుల్లో ఎవరైనా "దీనికి ఒక నెల కలిపితే సరిపోతుంది" అంటే నేను చేయి ఎత్తేదాన్ని. "నెలంటే ఏది? ముప్పై ఒకటి అయితే ఏం చేద్దాం?" కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. ఒకమ్మాయి విసుక్కుని, "మేడం, మూడు రోజుల తేడాకు ఇంత చర్చా?" అంది. ఆ అమ్మాయి వయసు ఇరవై మూడు. "అవును, రాసుకో" అని మాత్రం అన్నాను.

ఆఖరుసారి అతన్ని చూసింది పటాన్‌చెరు బస్టాండులో. సంగారెడ్డిలో మా అమ్మను చూసి వస్తున్నాను. జుట్టు నెరిసింది, కానీ మెడ వంచి నిలబడే తీరు చూసి గుర్తుపట్టాను. ఈసారి తప్పుకోలేదు. దగ్గరికి వెళ్లాను.

"గుర్తుపట్టినవా అన్నా?"

"మిషిన్ మేడం" అన్నాడు వెంటనే. భార్య పక్కనే ఉంది, చేతిలో కూరగాయల సంచి. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

కర్మాగారం మూతపడి చాలా ఏళ్లయిందట. ఇప్పుడు ఇంటి దగ్గరే కూరగాయలు అమ్ముతున్నారట. చేతి గురించి నేనే అడిగాను. చలికాలం గుంజుతది అన్నాడు. ఆసుపత్రికి పోతున్నావా అంటే, "ఎందుకు మేడం, అలవాటైంది" అన్నాడు.

బస్సు వచ్చింది. రద్దీగా ఉంది. అతను ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాడు. ఆమె వెనక ఎక్కుతూ, మెట్టు మీద ఒక్క క్షణం ఆగి నా వైపు తిరిగింది.

"నువ్వు ఆనాడు ఇంటికి వచ్చినవు. ఆ సాబులు ఎవ్వరు రాలె" అంది.

అంతే అంది. అది క్షమాపణకు జవాబో కాదో నాకు తెలియదు. బస్సు కదిలింది. నేను హైదరాబాద్ బస్సు కోసం అక్కడే నిలబడ్డాను. వచ్చిన రెండు బస్సులు ఎక్కకుండానే వదిలేశాను.